నలభై రెండు మేకులు

మా గుండ్లచెల్మలో చేనేత సొసైటీ పెట్టిన కొత్తలో సెక్రటరీగా ఎవరిని పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. నల్లగొండలో హైస్కూలు చదివి, పరీక్ష పాసయి, మళ్ళీ మా ఊరికే తిరిగొచ్చినవాడు రఘుపతి ఒక్కడే. చదువుకున్నా మగ్గం గుంటలోకి దిగడానికి సిగ్గుపడడు. నోటిలెక్కల్లో దిట్ట. అందుకని ఊరంతటికీ అతనంటే ఒక మురిపెం. ఆ మురిపెం అతనికి కొంచెం ఎక్కువగానే వంటబట్టింది. అదొక్కటే మనిషికి ఉన్న ఐబు.

పోయినేడు నల్లగొండ ఎగ్జిబిషన్లో మా సొసైటీకి మంచి పేరొచ్చింది. దానికి కారణం రఘుపతే. మా దగ్గర అద్దకం చేసిన నూలు ఏడు రంగుల్లో ఉంటుంది: ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, గోధుమ. పడుగు, అంటే నిలువు పోగులు, ఒక రంగు, పేక, అంటే అడ్డం పోగులు, ఇంకో రంగు పెట్టి నేస్తే ఎన్ని తీర్ల గుడ్డ వస్తుందో అన్నీ చేసి చూపిద్దామన్నాడు. నేసేవాళ్ళకి తెలుసు, పడుగు ఎరుపై పేక నలుపైతే గుడ్డ ఎర్రగా తేలుతుంది, అడుగున నల్లటి నీడ కనిపిస్తుంది. అదే పడుగు నలుపై పేక ఎరుపైతే గుడ్డ మొత్తం నల్లగా ఉండి, కదిలిస్తే ఎర్రటి తళుకు కొడుతుంది. రెండూ వేరువేరు గుడ్డలు. కొనేవాళ్ళు కూడా వేరుగానే కొంటారు.

"పడుగుకు ఏడు రంగులల్ల ఏదన్న ఒకటి. దానికి పేక మిగిలిన ఆరిట్ల ఒకటి. ఏడారుల నలభై రెండు," అని రఘుపతి వేళ్ళు కూడా మడవకుండా చెప్పాడు. నేసి చూస్తే సరిగ్గా నలభై రెండు తీర్లే వచ్చాయి. చేతిరుమాలంత ముక్కలు నలభై రెండు, కర్రపలకకు వరసగా తగిలించారు. జిల్లా సూపర్‌వైజరు దొర పలక ముందు నిలబడి, "ఒక్కటి కూడా వదల్లేదయ్యా" అని భుజం తట్టాడు. ఆ భుజం అప్పటినుంచీ కొంచెం ఎత్తులోనే ఉందని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఈ ఏడు సూపర్‌వైజరే అడిగాడు, కొత్తగా ఏం చూపిస్తారని. దుప్పట్ల అంచుల్లోకి జంటపురి వాడదామన్నాడు రఘుపతి. రెండు రంగుల పోగులు కలిపి రాట్నం మీద పురిపెడితే ఒక్క దారమవుతుంది. దూరం నుంచి చూస్తే ఒక రంగు, దగ్గరికొస్తే రెండు రంగులు. దాన్నే జంటపురి అంటాం. ఏడు రంగుల్లో రెండేసి కలిపితే వచ్చేవన్నీ చేసి చూపిస్తే దుకాణాలవాళ్ళు ఏరుకుంటారు. "ఎన్ని తీర్లొస్తయి?" అని సూపర్‌వైజరు అడిగితే, రఘుపతి రెప్ప కొట్టకుండా "నలభై రెండు" అన్నాడు. ఏడు రంగులు, రెండేసి కలపడం, పోయినేటి మాదిరే కదా అని అతని లెక్క. వెంటనే వడ్రంగం చేసే వడ్లాయన చేత పలక చేయించి నలభై రెండు మేకులు కొట్టించాడు.

పురిపెట్టే పని వెంకటనర్సమ్మకి అప్పజెప్పారు. ఆమె భర్త పోయి చాన్నాళ్ళయింది. కొడుకు సోమన్న షోలాపూర్‌లో మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, కోడలు కౌసల్య. ఇద్దరి మధ్య మాట తక్కువ, పని ఎక్కువ. అత్త రాట్నం తిప్పుతుంటే కోడలు కండెలు మార్చేది. ఒకరినొకరు చూసుకోకుండానే చేతులు కలిసేవి. మా వాడకట్టులో అత్తాకోడళ్ళ తగువు లేని ఇల్లు ఏదంటే ఆ ఇల్లే చూపించేవాళ్ళం.

నమూనాలకు కొత్త నూలు ఇవ్వలేదు. మగ్గాల మీద మిగిలిన కొసలు ఒక గంపలో వేసి ఇచ్చారు. దాన్ని తూచినవాడూ లేడు, లెక్కబెట్టినవాడూ లేడు. "ఏడు రంగులల్ల రెండేసి కలిపి చేయున్రి చిన్నమ్మా, ఒక్కటి గూడ ఇడవొద్దు," అని చెప్పి రఘుపతి సొసైటీ పని మీద నల్లగొండ వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి నమూనాల గంప సొసైటీ గదిలో ఉంది. దారాన్ని చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, ముడేసి, ఎంత ముద్దుగా పెట్టారో.

మేకులకు తగిలించడం మొదలుపెట్టాడు. మొదటి వరస నిండింది. రెండోది నిండింది. మూడో వరస నిండేసరికి గంప అడుగు కనిపించింది. పలకకు ఆరు వరసలు. కింది మూడు వరసలూ బోసి మేకులే.

రఘుపతి గంప తిరగేసి దులిపాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. సరిగ్గా సగం. సగమనేది అతన్ని బాగా కుట్టింది. ఒకటో రెండో తక్కువైతే మరిచిపోయారనుకోవచ్చు, సగానికి సగం ఎవరైనా మరిచిపోతారా? ఎవరో పంచుకున్నట్టుగా ఉంది కదా అనిపించింది.

అక్కడే ఒక మాట ఊళ్ళో పుట్టింది. ఎవరు పుట్టించారో అడిగితే ఎవరూ చెప్పరు. కౌసల్య అన్న దశరథం తిరుమలగిరిలో ఒక సావుకారి దగ్గర పని చేస్తాడు. ఆ సావుకారు మా సొసైటీ వచ్చినప్పటినుంచీ మామీద పళ్ళు కొరుకుతున్నాడు. మా నమూనాలు ఎగ్జిబిషన్‌కు ముందే అతని చేతికి వెళ్తే అవే దుప్పట్లు అతను ముందు దింపుతాడు. కౌసల్య మొన్న అంగడికి తిరుమలగిరి వెళ్ళింది కూడా. ఇంకేం కావాలి? ఊరివాళ్ళం మిగతాది మేమే అల్లుకున్నాం. అల్లడం మా కులవృత్తి కదా, అందులో మాకెవరూ సాటి రారు.

సొసైటీ గదిలో పెద్దమనుషులు కూర్చున్నారు. ప్రెసిడెంటు ధర్మయ్య పెద్దవాడు, నెమ్మదస్తుడు, గొడవంటే గిట్టదు. అత్తనీ కోడలినీ పిలిపించాడు. రఘుపతి గొంతు పెంచలేదు. పలక గోడకు ఆనించి, బోసి మేకులు చూపించి చెప్పాడు.

"చిన్నమ్మా, నేనేం ఎవలనీ అంటలేను. నలభై రెండు రావాలె. ఇరవై ఒకటే ఉన్నయి. తక్కినయి ఏమైనయో చెప్పున్రి, గంతే."

"చేసినయన్నీ గంపల పెట్టినం బావా," అంది కౌసల్య. "ఇంట్ల ఒక్కటి గూడ లేదు."

"ఇంట్ల లేవని నాకూ తెలుసు," అన్నాడొకడు వెనకనుంచి. కొందరు నవ్వారు. కౌసల్య ముఖం కందిపోయింది.

ధర్మయ్య ఆ నవ్వుని ఆపాడు. కానీ తీర్పు మాత్రం లెక్క వైపే చెప్పాడు. ఎగ్జిబిషన్‌కు పలక వెళ్ళేలోపల తక్కువైనవి రావాలి. రాకపోతే ఆ ఇంటికి సొసైటీ నూలు ఇవ్వదు. నూలు లేకపోతే రాట్నం లేదు, రాట్నం లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అంతకన్నా పెద్దది ఇంకోటుంది. దొంగతనం చేశారని నూలు ఆపిన ఇంటికి మా వాడకట్టులో ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు.

వెంకటనర్సమ్మ తల ఊపి ఇంటిదారి పట్టింది. ఆమెకు రఘుపతి లెక్క మీద అనుమానం లేదు, ఉండడానికి తావు కూడా లేదు. పోయినేడు అతను నలభై రెండన్నాడు, నలభై రెండొచ్చాయి. ఆ ముక్కల్లో సగం నేసింది తన మగ్గం మీదే. అలాంటి మనిషి చెబితే తప్పెలా అవుతుంది? ఇంటికి వెళ్ళి ముందు తననే అనుమానించుకుంది. వయసు మీదపడి సగం చేసి అన్నీ చేశాననుకున్నానా అని రాట్నం కింద, దూలాల మధ్య, ఆవు కట్టేసే చోట కూడా వెతికింది. గాదె ఖాళీ చేసి చూసింది. ఏమీ దొరకలేదు. అప్పుడు, బియ్యం ఏరుతున్న కోడలి పక్కన కూర్చుని, మెల్లగా అడిగింది.

"బిడ్డా, నిన్నేమననులే. దశరథానికేమన్న ఇచ్చినవా?"

కౌసల్య చేతిలో చాట ఆగింది. అత్త ముఖంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళలో అంత తేరిపార చూడడం అదే మొదటిసారి.

"నువ్వు గూడ అడుగుతున్నవా అత్తా?"

వెంకటనర్సమ్మ లేచి రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. తెల్లారి లేచి చూసేసరికి కోడలు లేదు. నీళ్ళు తోడి పెట్టింది, రొట్టెలు చేసి మూత పెట్టింది, తన చీరలు మూట కట్టుకుని అన్న దగ్గరికి తిరుమలగిరి వెళ్ళిపోయింది. మా ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సొమ్మున్న చోటికే వెళ్ళిందన్నారు.

ఆ మధ్యాహ్నం వెంకటనర్సమ్మ రాట్నం చంకనెత్తుకుని రఘుపతి ఇంటికి వచ్చింది. రఘుపతి భార్య ఆండాళు ఎదురొచ్చి రాట్నం దించింది.

"తక్కువైనయి నేనే మల్ల చేస్త," అంది వెంకటనర్సమ్మ. "కొసలు ఇంకా ఉన్నయి. ఏవేవి తక్కువైనయో నువ్వు చెప్పుకుంట పో, నేను చేసుకుంట పోత. నలభై రెండు నింపుదాం. నా కోడల్ని మాత్రం ఏమనకున్రి."

ఆ మాటకు రఘుపతి మనసు కరిగింది. మంచివాడే పాపం. పలక తెచ్చి వాకిట్లో ఎండకు ఆనించాడు. ఉన్నవి ఒక్కొక్కటే చూశాడు. ఇంతవరకూ అతను ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడే గాని, ఏవి ఉన్నాయో చూడలేదు.

"ఇగో, ఎరుపు-నలుపు ఉన్నది. నలుపు-ఎరుపు లేదు. ముందుగాల గది చెయ్యి చిన్నమ్మా."

ఆమె సరేనని నల్ల కండె ఎడమకు, ఎర్ర కండె కుడికి పెట్టింది. రెండు కొసలూ కదురుకు కట్టి రాట్నం తిప్పింది. దారం మెలిపడి వచ్చింది. తుంచి చేతికిచ్చింది. రఘుపతి దాన్ని పలక మీది ఎరుపు-నలుపు పక్కన పెట్టి చూశాడు. ఒక్కటే తీరుగా ఉంది.

"మల్ల ఎరుపు-నలుపే చేసినవు చిన్నమ్మా. ముందు నలుపు పట్టాలె."

"నలుపే పట్టిన గద బిడ్డా," అని ఆమె కండెలు చూపించింది. "ఏమో, నా చెయ్యి అలవాటు కొద్ది తిరిగిందేమో." మళ్ళీ చేసింది. మళ్ళీ అదే వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుని, "నా కన్నులు గూడ పోయినయి," అంది. చేతకాని దాన్నయ్యానని ఆమెకు నమ్మకం కుదిరింది.

రఘుపతికి విసుగొచ్చింది. "జర జరుగు, నేను చేస్త," అని తనే రాట్నం ముందు కూర్చున్నాడు. నేతింటి బిడ్డే కాబట్టి పురిపెట్టడం వచ్చు. నల్ల కొస ముందు కట్టి, దాని మీద ఎర్ర కొస కట్టి తిప్పాడు. అదే వచ్చింది. కండెలు అటూ ఇటూ మార్చాడు. అదే. లేచి రాట్నానికి అటుపక్క కూర్చున్నాడు. ఆండాళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. అయినా అదే వచ్చింది.

చివరికి ఒక ఎరుపు-నలుపు, ఒక నలుపు-ఎరుపు చేసి రెండూ అరచేతిలో పెట్టుకుని ఎండకు తిరిగాడు. తేడా ఎక్కడుందా అని మెలి విప్పి చూశాడు, లాగి చూశాడు, చేతులు మార్చి చూశాడు. అంతలో ఆగిపోయాడు. ఇందాక ఏది ముందు చేశాడో, ఏది తర్వాత చేశాడో మరిచిపోయాడు. మళ్ళీ గుర్తుపట్టడానికి ఆ దారంలో ఒక్క గురుతు లేదు. చేసినవాడికే తెలియకపోతే ఇంక ఎవరికి తెలుస్తుంది?

తర్వాత లోపలికి వెళ్ళి పోయినేటి గుడ్డముక్కలు రెండు తెచ్చాడు. ఎర్ర పడుగు నల్ల పేక ఒకటి, నల్ల పడుగు ఎర్ర పేక ఒకటి. కళ్ళు మూసుకుని కలగలిపి, తెరిచి చూశాడు. ఏది ఏదో వెంటనే తెలిసింది. ఆ గుడ్డకు నిలువుకో జాగా, అడ్డానికో జాగా ఉంది. ఏ రంగు ఏ జాగాలో కూర్చుందన్నదాన్ని బట్టి గుడ్డ మారుతుంది. ఈ దారానికి జాగాలు లేవు. రెండు పోగులూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి, ముందూ లేదు వెనకా లేదు. రెండు రంగులు ఏరడమే ఉంది, వరస పెట్టడం లేదు. ఏడారుల నలభై రెండు అన్నప్పుడు అతను ప్రతి జంటనీ రెండుసార్లు లెక్కపెట్టాడు, ఎరుపు వైపు నుంచి ఒకసారి, నలుపు వైపు నుంచి ఒకసారి.

అక్కడే మట్టిలో కూర్చుని పలక మీదివి ఒక్కొక్కటే దించాడు. ఎరుపుతో కూడినవి ఆరు. ఎరుపు పక్కన పెడితే నలుపుతో కూడినవి ఇంకా ఐదు. పసుపుతో నాలుగు, ఆకుపచ్చతో మూడు, నీలంతో రెండు, చివరికి తెలుపు-గోధుమ ఒకటి. అన్నీ కలిపితే ఇరవై ఒకటి. ఒక్కటీ తక్కువ లేదు, ఒక్కటీ ఎక్కువ లేదు. ఇరవై రెండోది కావాలన్నా ఈ లోకంలో దొరకదు.

"చిన్నమ్మా," అన్నాడు రఘుపతి. "మీరేం తక్కువ చెయ్యలే. నేనే ఎక్కువ లెక్కబెట్టిన. గుడ్డ లెక్క తీస్కపోయి దారానికి పెట్టిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను రెండు దారాలూ ఆమె చేతిలో పెట్టి, "వీటిల్ల నలుపు-ఎరుపు ఏదో చెప్పు," అన్నాడు. ఆమె చూసింది, చాలాసేపు చూసింది. అప్పుడు అర్థమైంది. సంతోషపడుతుందనుకున్నాడు రఘుపతి. అలా కాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కదురు పక్కనే కూలబడి ఏడ్చింది.

"గట్లయితే నేనెందుకడిగిన దాన్ని? ఎందుకడిగిన బిడ్డా?"

ఆ పూటే ధర్మయ్య దగ్గరికి వెళ్ళారు. ధర్మయ్య అంతా విని, గడ్డం నిమురుకుని, ఎప్పటిలాగే మెత్తటి దారి ఒకటి వెతికాడు.

"కింది మూడు వరసల మేకులు పీకెయ్. తక్కినయి దొరికినయి గని, ఎగ్జిబిషన్‌కు ఇవి చాలనుకున్నమని చెప్దాం. నీ ఇజ్జతూ ఉంటది, వాళ్ళ ఇజ్జతూ ఉంటది. ఫికరెందుకు?"

నిజం చెప్పాలంటే రఘుపతికి ఆ మాట తియ్యగానే వినిపించింది. సూపర్‌వైజరు ముందు అన్న నలభై రెండు, ఊరి ముందు అన్న నలభై రెండు, రెండూ మింగేసుకోవాలంటే ఎంత కష్టం! అతను తలవంచుకుని ఉండిపోయాడు. వెంకటనర్సమ్మే మాట్లాడింది. ధర్మయ్య ముందు ఆమె అంత గట్టిగా మాట్లాడడం అంతకుముందు ఎవరమూ వినలేదు.

"దొరికినయంటే పోయినట్టే గద బావా? పోయినయంటే ఎవలో తీసినట్టే గద? నా కోడలు తీసి మల్ల పెట్టిందంటరు. గా మాట వద్దు. అసల్కే లేవని చెప్పున్రి."

రఘుపతి తలెత్తాడు. "చెప్త చిన్నమ్మా. అందరి ముందట చెప్త. ముందుగాల కౌసల్యను తోల్కొద్దాం, నడు."

తిరుమలగిరి వెళ్ళే బండి ఒకటి దొరికితే అందులో బయల్దేరారు. దారి పొడుగునా వెంకటనర్సమ్మ ఒళ్ళో రెండు దారాలు పట్టుకుని కూర్చుంది, వదిలితే గాలికి పోతాయన్నట్టు.

దశరథం కిరాయి ఇంటి ముందు అరుగు మీద కౌసల్య కూర్చుని ఉంది. వీళ్ళని చూసి లేచి నిలబడింది. బావ వచ్చాడని కొంగు సర్దుకుంది గాని లోపలికి రమ్మనలేదు. దశరథం తలుపులో నిలబడి చేతులు కట్టుకున్నాడు. చెల్లెలి మీద పడ్డ నింద తన కొలువు వల్లనేనని అతనికి మండుతోంది.

రఘుపతి ఉపోద్ఘాతం లేకుండా దారాలు చూపించి జరిగింది చెప్పాడు. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పాడు. కౌసల్య విన్నది. దారాలు చేతిలోకి తీసుకుని ఒకసారి చూసి, "ఇదా?" అంది. నవ్వో ఏడుపో తెలియని గొంతు. "నేను బండి మీద వచ్చేటప్పుడు దారి పొంట యాది చేసుకున్న బావా. ఏమేం మరిచిపోయినమా అని. ఎన్ని మార్లు జోడు పెట్టినా చేసినయే వచ్చినయి. నాకే పిచ్చి లేచిందనుకున్న."

"తప్పు నాది," అన్నాడు రఘుపతి. "ఊరందరి ముందట చెప్త. నువ్వు రావాలె."

"నువ్వన్నదానికి నాకంత దుఃఖం లేదు బావా. నువ్వు పలక చూసి అడిగినవు." ఆమె అత్త వైపు తిరిగింది. "నువ్వు నన్ను చూస్తుంటవు గద అత్తా. దినాం చూస్తుంటవు. నువ్వెట్ల అడిగినవు?"

వెంకటనర్సమ్మ అరుగు కింద నిలబడే ఉంది.

"లెక్కను నమ్మిన బిడ్డా, నిన్ను నమ్మలే. ఇంకో ముచ్చట లేదు."

కౌసల్య లోపలికి వెళ్ళింది. రాదేమో అనుకున్నాడు రఘుపతి. చీరల మూటతో బయటికొచ్చింది. అత్త చేతికి మూట ఇవ్వలేదు, తనే పట్టుకుంది. కానీ బండెక్కింది.

మరునాడు సొసైటీ గది ముందు అందరం కూడాం. రఘుపతి ముందు పోయినేటి గుడ్డముక్కలు తీసి పడుగు-పేకల లెక్క చెప్పాడు. అక్కడ నలభై రెండు ఎందుకు నిజమో చెప్పాడు. తర్వాత ఎరుపు-నలుపు ఒకటి, నలుపు-ఎరుపు ఒకటి రాట్నం మీద తనే పురిపెట్టి, అందరి చేతుల్లోకీ పంపి, నలుపు-ఎరుపు ఏదో చెప్పమన్నాడు. ఆనాడు వెనకనుంచి మాట విసిరిన మనిషి చేతికి ప్రత్యేకంగా ఇచ్చాడు. అతను దారాలను అటు తిప్పి ఇటు తిప్పి, పక్కవాడికిచ్చి తప్పించుకున్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

"సగం ఎవలూ తియ్యలే," అన్నాడు రఘుపతి. "తియ్యడానికి అవి ఎన్నడూ లేవు. నాకు తెలుసు అనుకుని లేనివాటికి మేకులు కొట్టించిన. ఆ మేకులు చూపించి వీళ్ళను నిలదీసిన. నన్ను మాఫ్ చెయ్యున్రి." అంటూ కౌసల్య వైపు తిరిగి చేతులు జోడించాడు. ధర్మయ్య నిన్నటి తన సలహా గురించి ఏమీ అనలేదు గాని, పట్కారు తెప్పించి కింది మూడు వరసల మేకులు తనే ఒక్కొక్కటే పీకాడు. ముసలి చేతులు, వంగిన మేకులు. అందరం ఆగి చూశాం. మాలో ఎవరికీ మాట్లాడే ముఖం లేదు, ఎందుకంటే ఆ మాట అల్లింది మేమే.

పలక ఎగ్జిబిషన్‌కు వెళ్ళాలి. సూపర్‌వైజరుకు ఇరవై ఒకటేనని చెప్పి లెక్క దిద్దించాలి, ఆ పనీ రఘుపతే ఒప్పుకున్నాడు. కింద పట్టీ మీద పనివాళ్ళ పేర్లు రాయడం మా సొసైటీ రివాజు. రఘుపతి కుంచె రంగులో ముంచి, పట్టీ ముందు ఆగాడు.

"ఎవలి పేరు ముందు రాయాలె?"

అలవాటుగా పెద్దదాని పేరే ముందు రాస్తారు. కౌసల్య రాట్నం సర్దుతూ, తలెత్తకుండానే అంది. "ఏది ముందు రాస్తేంది బావా? ఎట్ల రాసినా ఒకటే అని నువ్వే చెప్తివి గద."

అందరం నవ్వాం. తిరుమలగిరి నుంచి వచ్చాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి తేలికపాటి మాట అది. రఘుపతి కూడా నవ్వి, అలవాటు ప్రకారం 'వెం' అని మొదలుపెట్టబోయాడు.

వెంకటనర్సమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఒకటి గాదు," అంది. "గీ జాగాల ఒకటి గాదు. నా కోడలి పేరు ముందు రాయి."

రాట్నం సర్దుతున్న కౌసల్య చెయ్యి ఆగింది. రఘుపతి కుంచె మళ్ళీ రంగులో ముంచి, 'కౌసల్య' అని రాశాడు. దాని పక్కన, తర్వాత, అత్త పేరు రాశాడు.